జవాబు దొరికినా అయిపోని లెక్క

ఐదో తరగతి, తీసివేతల పాఠం. బోర్డు మీద పది లెక్కలు. పీరియడ్ 40 నిమిషాలు. పావుగంట గడిచేసరికే ఇద్దరో ముగ్గురో నోటు పుస్తకం మూసేసి "అయిపోయింది సార్" అంటారు. మిగతావాళ్లు ఇంకా నాలుగో లెక్క దగ్గరే ఉంటారు. ముందే ముగించిన ఆ ఇద్దరు ముగ్గురికి తక్కిన సమయంలో ఏం పని చెప్పాలి? ఏ బడిలోనైనా రోజూ ఎదురయ్యే ప్రశ్న ఇది. ఆలోచించే తీరిక లేక చాలామంది టీచర్లు చేతికందిన పని చెప్పేస్తారు.

ఇంకో అయిదు లెక్కలు చెయ్యమనడం అందులో మొదటిది. పని తొందరగా చేస్తే మళ్లీ అదే పని నెత్తిన పడుతుందని పిల్లలకు రెండు రోజుల్లో అర్థమైపోతుంది. మూడో రోజు నుంచి వాళ్లూ నెమ్మదిగా, బొమ్మలు గీసుకుంటూ చేస్తారు. పక్కవాళ్లకు నేర్పించమనడం రెండోది. అప్పుడప్పుడూ అయితే మంచిదే. రోజూ అయితే మాత్రం తొమ్మిదేళ్ల పిల్ల టీచరు పని చేస్తున్నట్టే. పైగా ఆ వయసువాళ్లు నేర్పించరు, జవాబు చెప్పేస్తారు. ఇక మూడోది, ఆఫీసు గదికి పంపి చాక్‌పీసులు తెమ్మనడం. దాని గురించి చెప్పడానికేం లేదు.

వీటికి బదులు తరగతి గదిలో ఒక మూల చిన్న బల్ల వేసి, ముందే ముగించిన పిల్లలు వెళ్లి కూర్చుని ఆలోచించడానికి చిక్కు లెక్కలు పెట్టే పద్ధతి ఉంది. పజిల్ కార్నర్ అనండి, చిక్కుల బల్ల అనండి. చాలా బడుల్లో మొదలుపెడతారు. చాలాచోట్ల నెల తిరక్కుండానే ఆగిపోతుంది. ఎందుకు ఆగిపోతుందో చూస్తే ఏం పెట్టాలో తెలుస్తుంది.

సాధారణంగా జరిగేది ఇది. ఒక రూబిక్స్ క్యూబ్, ఒక సుడోకు పుస్తకం, రెండు జిగ్‌సా బొమ్మలు, ఇరవై ముప్పై పొడుపు లెక్కలు రాసిన కార్డులు తెచ్చి పెడతారు. మొదటి వారం తొక్కిసలాట. రెండో వారానికి జిగ్‌సాలో నాలుగు ముక్కలు కనపడవు. పొడుపు లెక్కల జవాబులు తరగతంతా తిరిగేస్తాయి. పులి, మేక, గడ్డిమోపు, ఒక పడవ... ఒక్కొక్కటే ఏరు దాటించాలి. మన ఇళ్లలో తాతల నాటి నుంచి ఉన్న చిక్కు ఇది. ముందు మేకను తీసుకెళ్లి దింపాలి. తర్వాత పులినో గడ్డినో అవతలికి చేర్చి, తిరిగి వచ్చేటప్పుడు మేకను వెనక్కి తేవాలి. ఆ కీలకం తడితే ఏడు దాట్లలో అయిపోతుంది. మంచి చిక్కే, ఒక్కసారికి. కీలకం ఎవరైనా చెవిలో చెప్పారంటే ఇక అందులో ఏమీ మిగలదు. బల్ల మీద ఇలాంటివి ముప్పై పెట్టినా, ముగ్గురు చురుకైన పిల్లలు పది రోజుల్లో ఖాళీ చేసేస్తారు. టీచరు మళ్లీ వెతుక్కోవాలి. అక్కడే పని ఆగిపోతుంది.

అందుకని బల్ల మీద పెట్టే చిక్కుకు నేను ఒకటే పరీక్ష పెడతాను. జవాబు తెలిసిపోయిన తర్వాత కూడా అందులో చేయాల్సిన పని మిగిలి ఉందా? ఉంటే పెట్టండి. లేకపోతే అది బడి వార్షికోత్సవం నాడు అడగడానికి పనికొస్తుంది, బల్ల మీద రోజూ ఉండటానికి కాదు. అలా మిగిలేది ఉన్న లెక్క ఒక్కటి దొరికితే ఒక నెల గడుస్తుంది. అలాంటి లెక్కను మన పక్క రాష్ట్రంలో ఒక బడిపంతులే కనిపెట్టాడు.

దత్తాత్రేయ రామచంద్ర కాప్రేకర్ 1905లో మహారాష్ట్రలోని దహానులో పుట్టాడు. నాసిక్ దగ్గర దేవ్‌లాలీ అనే ఊళ్లో 1930 నుంచి 1962 దాకా బడిపంతులుగా పనిచేశాడు. అంకెలతో ఆడుకోవడం ఆయనకు పిచ్చి. పెద్ద డిగ్రీ లేదని మన గణిత పండితులు చాలాకాలం ఆయన్ను లెక్కచేయలేదు. అమెరికాలో మార్టిన్ గార్డ్‌నర్ 1975లో సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో ఆయన గురించి రాశాక లోకానికి తెలిశాడు. ఆయన 1949లో బయటపెట్టిన విచిత్రం నాలుగంకెల సంఖ్యల గురించి. అయితే చిక్కుల బల్లకు ముందుగా కావలసింది దాని తమ్ముడు, మూడంకెలది.

పద్ధతి ఇది. ఏదైనా మూడంకెల సంఖ్య తీసుకోవాలి, మూడూ ఒకే అంకె కాకూడదు. ఉదాహరణకు 381. అందులోని అంకెలతో వీలైనంత పెద్ద సంఖ్య రాయాలి, 831. వీలైనంత చిన్న సంఖ్య రాయాలి, 138. పెద్దదాంట్లోంచి చిన్నది తీసేయాలి. 693 వస్తుంది. ఇప్పుడు 693తో మళ్లీ అదే పని. 963లోంచి 369 తీసేస్తే 594. మళ్లీ 954లోంచి 459 తీసేస్తే 495. ఇంకోసారి చేయబోతే 495లోని అంకెలతో మళ్లీ 954, 459. తీసేస్తే 495. ఇక కదలదు. ఏ సంఖ్యతో మొదలుపెట్టినా చివరికి 495 దగ్గరికే చేరుతుంది, ఆరు మెట్లకు మించకుండా.

దీనికి కావలసింది కాగితం, పెన్సిలు. ముక్కలు పోయేదేమీ లేదు. చేసే పని తీసివేతే, అంటే ఆ రోజు పాఠమే. అప్పు తెచ్చుకోవడం ప్రతి మెట్టులోనూ వస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, సరిగ్గా చేశారో లేదో టీచరు దిద్దక్కర్లేదు. 495 రాకపోతే ఎక్కడో తప్పు జరిగినట్టే. పిల్లే వెనక్కి వెళ్లి వెతుక్కుంటుంది. బల్ల దగ్గర కూర్చున్న పిల్లలు పదే పదే "సార్, ఇది కరెక్టా?" అని లేచి వస్తుంటే టీచరుకు ఉపకారం బదులు అపకారం జరుగుతుంది. చాలా బల్లలు మూతపడటానికి ఇదొక పెద్ద కారణం. తనను తాను దిద్దుకునే లెక్క అయితే ఆ బెడద ఉండదు.

ఇక్కడ తప్పకుండా వచ్చే ఇబ్బంది ఒకటుంది. ముందే తెలిసి ఉంటే మంచిది. 211తో మొదలుపెట్టిన పిల్లవాడు 211లోంచి 112 తీసేసి 99 అని రాస్తాడు. తర్వాత 99తో పెద్దది 99, చిన్నది 99, తీసేస్తే సున్నా. "సార్, నాకు 495 రాలేదు, సున్నా వచ్చింది" అంటాడు. వాడి తీసివేతలో తప్పేం లేదు. ఆ 99ని 099 అని మూడంకెలుగానే ఉంచుకోవాలి. అప్పుడు పెద్దది 990, చిన్నది 099. తీసేస్తే 891. ఆ తర్వాత 792, 693, 594, 495. దీనికి నోటిమాటతో చెప్పడం కంటే కార్డు మీద మూడేసి గళ్ల వరసలు గీసి పెట్టడం మేలు. మూడు గళ్లూ నిండాలి అన్నది ఒక్కటే నియమం. ఖాళీ గడి కనపడగానే సున్నా వాళ్లే వేసుకుంటారు.

ఇంతవరకూ చేసేసరికి ఒక రోజు పది నిమిషాలు, ఇంకో రోజు పది నిమిషాలు గడుస్తాయి. 495 వస్తుందన్న సంగతి తరగతిలో అందరికీ తెలిసిపోతుంది. పులి మేక లెక్కయితే ఇక్కడితో సరి. ఇది ఇక్కడే మొదలవుతుంది.

రెండో కార్డు మీద ఇలా ఉంటుంది: "పది రకాల మూడంకెల సంఖ్యలు తీసుకో. ఒక్కొక్కదానికి మొదటి తీసివేత మాత్రమే చెయ్యి. వచ్చిన జవాబులన్నీ ఒక వరసలో రాయి. వాటిలో ఏం కనిపిస్తోంది?" అంతే. ఏం కనిపించాలో కార్డు చెప్పదు.

నేను దగ్గర నుంచి చూసిన ఒక తరగతిలో ఈ కార్డు ఇద్దరమ్మాయిల చేతిలో పడింది. ఒకామె 297, 594, 198, 693, 396 అని రాసుకుంటూ పోతోంది. రెండో అమ్మాయి పక్కనుంచి చూసి, "అన్నిట్లో మధ్యలో తొమ్మిదే ఉందేంటే?" అంది. ఇద్దరూ కలిసి తొమ్మిది లేనిది ఒక్కటైనా వస్తుందేమోనని వెతకడం మొదలుపెట్టారు. అయిదారు సంఖ్యలు ప్రయత్నించారు. ఒకదాంట్లో 505 వచ్చింది. గెలిచినంత సంబరం. తర్వాత మళ్లీ చేసి చూస్తే అప్పు ఇచ్చిన సంగతి మరిచిపోయారని తేలింది. అక్కడితో గంట కొట్టారు. మర్నాడు లెక్కల పీరియడ్ మొదలవగానే ఆ మొదటి అమ్మాయి పుస్తకంలో మధ్య అంకెల కింద గీత గీసి ఉంది. ఇంటి దగ్గర కూడా చేసిందన్నమాట.

మూడో కార్డు ఆ ప్రశ్ననే అడుగుతుంది. "మధ్యలో ఎప్పుడూ 9 ఎందుకు?" ఈ ప్రశ్నకు జవాబు చెప్పడానికి బీజగణితం అక్కర్లేదు, ఐదో తరగతి తీసివేత చాలు. పెద్ద సంఖ్యలోనూ చిన్న సంఖ్యలోనూ పదుల స్థానంలో ఉన్నది ఒకటే అంకె. 831, 138. రెండింట్లోనూ మధ్యలో 3. ఒకట్ల స్థానంలో పైన చిన్నది, కింద పెద్దది. ఒకటిలోంచి ఎనిమిది పోదు. పదుల దగ్గర అప్పు తెచ్చుకోవాలి. అప్పు ఇచ్చాక పైన 3 కాస్తా 2 అయింది, కింద 3 అలాగే ఉంది. రెండులోంచి మూడు పోదు. అందుకని పదులు వందల దగ్గర అప్పు తెచ్చుకుంటాయి. పన్నెండులోంచి మూడు పోతే తొమ్మిది. అక్కడ 3 బదులు ఏ అంకె ఉన్నా కథ ఇదే. ఒకటి తగ్గి, పది పెరిగి, మళ్లీ అదే అంకె పోతుంది. కాబట్టి ఎప్పుడూ తొమ్మిదే.

ఈ జవాబు ఆ ఇద్దరికీ రావడానికి వారం పైనే పట్టింది. వాళ్ల టీచరు ఒక్క ముక్క చెప్పలేదు. ఒకే ఒక్కసారి బల్ల దగ్గర ఆగి, "పైనా కిందా మధ్యలో ఏముందో చూశారా?" అని అడిగి వెళ్లిపోయారు. ఆ మేడం చేసిన పనుల్లో అన్నిటికన్నా కష్టమైనది అదేననిపించింది నాకు, చెప్పకుండా వెళ్లిపోవడం. పిల్లలు బల్ల దగ్గర తెల్లముఖం వేసుకుని కూర్చుంటే చూడలేక జవాబు చెప్పేస్తాం. చెప్పిన క్షణంలో పది రోజుల పని రెండు నిమిషాల్లో కరిగిపోతుంది.

నాలుగో కార్డు ఇంకో అడుగు ముందుకు వేస్తుంది. "మొదటి తీసివేతలో మొత్తం ఎన్ని రకాల జవాబులు వస్తాయి? అన్నీ దొరికాయని నీకెలా తెలుసు?" ఆలోచిస్తే జవాబులు తొమ్మిదే. 099, 198, 297, 396, 495, 594, 693, 792, 891. ఇదంతా 99 ఎక్కం. వందల నుంచి 999 దాకా ఎన్ని సంఖ్యలున్నా అన్నీ మొదటి మెట్టులోనే ఈ తొమ్మిది గదుల్లో ఏదో ఒకదాంట్లో పడతాయి. ఏ గదిలో పడాలో నిర్ణయించేది ఒక్కటే, అతి పెద్ద అంకెకూ అతి చిన్న అంకెకూ మధ్య తేడా. తేడా 1 అయితే 099, 2 అయితే 198, అలా. ఈ సంగతి దొరికిన పిల్ల ఇక తీసివేత చేయకుండానే జవాబు చెప్పేస్తుంది. అప్పుడు కదా సంబరం!

తొమ్మిది గదులూ దొరికాక వాటి మధ్య బాణాలు గీయమంటే 495 రహస్యం మొత్తం బయటపడుతుంది. 099 నుంచి 891కి, అక్కడి నుంచి 792, 693, 594, 495. 198 నుంచి 792కి. 297 నుంచి 693కి. 396 నుంచి 594కి. ఒక అట్ట ముక్క మీద తొమ్మిది వృత్తాలు, వాటి మధ్య బాణాలు. ఏ దారిన వెళ్లినా 495. అతి దూరం నడవాల్సింది 099లో పడ్డవాళ్లే, అంటే పెద్ద అంకెకూ చిన్న అంకెకూ తేడా ఒకటే ఉన్న సంఖ్యలు. 211, 554, 100 లాంటివి. వాటికి ఆరు మెట్లు. "ఆరు మెట్లకు మించదు" అన్నది టీచరు చెప్పిన మాటగా కాక పిల్లలు తామే నిరూపించిన మాట అవుతుంది. గణితంలో నిరూపణ అంటే ఏమిటో ఐదో తరగతిలో ఇంతకంటే బాగా చూపించే లెక్క నాకు తెలియదు.

పిల్లలకు కంప్యూటర్ భాషలు నేర్పే విషయంలో సీమోర్ పాపెర్ట్ అనే ఆచార్యుడు, వాటికి నేల తక్కువ ఎత్తులో ఉండాలి, కప్పు చాలా ఎత్తులో ఉండాలి అనేవాడు. ఎవరైనా సులువుగా అడుగు పెట్టగలగాలి, ఎంత ఎదిగినా తల తగలకూడదు. 495 లెక్కకు ఈ రెండూ ఉన్నాయి. మూడంకెల తీసివేత వచ్చిన ఎవరైనా మొదలుపెట్టవచ్చు. బాణాల బొమ్మ దాకా వెళ్లేవాళ్లు తరగతికి ఒకరో ఇద్దరో ఉంటారు. వాళ్లకు ఆ పైన ఇంకా ఉంది.

రెండంకెల సంఖ్యలతో చేయమనండి. 495లాగా ఏదో ఒకదగ్గర ఆగుతుందనే అనుకుంటారు. ఆగదు. 09, 81, 63, 27, 45, మళ్లీ 09. గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది. ఇది చూసి ఒక పిల్లవాడు తనదే ఎక్కడో తప్పు అనుకుని నాలుగుసార్లు మళ్లీ చేశాడు. ఇక నాలుగంకెలకు వెళితే కాప్రేకర్ అసలు లెక్క. అది 6174 దగ్గర ఆగుతుంది, ఏడు మెట్లకు మించకుండా. పిల్లలు మొదట తాము పుట్టిన సంవత్సరంతోనే చేస్తారు. 2015 పెట్టి చూడండి. 5210లోంచి 0125 తీసేస్తే 5085. ఆ తర్వాత వరసగా 7992, 7173, 6354, 3087, 8352, చివరికి 6174. సరిగ్గా ఏడు మెట్లు. ఆ ఏడాది పుట్టిన పిల్లలకు తమ సంవత్సరానిదే అతి పొడుగు దారి అని తెలిస్తే ఎంత గర్వమో!

బల్ల ఎలా నడపాలన్నది ఇక చూద్దాం. ఇక్కడ పొరపాట్లు ఎక్కువ జరిగేవి రెండు చోట్ల.

మొదటిది, బల్ల దగ్గరికి ఎవరు వెళ్లవచ్చు అన్న నియమం. "ముందు ముగించినవాళ్లు వెళ్లొచ్చు" అంటే తరగతిలో పరుగుపందెం మొదలవుతుంది. ఇది జరుగుతోందని తెలుసుకోవడం కష్టమేం కాదు. నోటు పుస్తకాలు దిద్దేటప్పుడు, ఎప్పుడూ తప్పులు చేయని పిల్లల లెక్కల్లో అప్పు మరిచిపోయిన తీసివేతలు కనపడతాయి. అది కనపడితే నియమం మార్చాలి. ముగించడం కాదు, ముగించి సరిచూసుకోవడం. తీసివేతకు సరిచూపు కూడికే కదా. ఏవైనా రెండు లెక్కలకు జవాబునూ తీసేసిన సంఖ్యనూ కూడి పక్కన చూపించాలి, ఆ తర్వాతే బల్ల. దీనికంటే ఇంకా మంచి దారి ఒకటుంది. అమెరికాలో చురుకైన పిల్లల చదువు గురించి పుస్తకాలు రాసిన సూజన్ వైన్‌బ్రెన్నర్ చెప్పిన దారి అది. పదిలో అతి కష్టమైన అయిదు లెక్కలే ముందు చేయాలి. వాటిలో ఒకటికి మించి తప్పులు పోకపోతే తక్కిన అయిదూ చేయక్కర్లేదు. తెలిసిన పనే పదిసార్లు చేయడం తప్పుతుంది, బల్ల దగ్గర కూర్చునే సమయం పెరుగుతుంది. అందరి ముందూ ఒకే నియమం పెడితే "వాళ్లకేనా?" అన్న ప్రశ్న కూడా రాదు. అయిదు కష్టమైనవి ఎవరైనా ప్రయత్నించవచ్చు.

రెండో పొరపాటు బహుమతులు. బల్ల దగ్గర చిక్కు విప్పితే నక్షత్రం, పేరు బోర్డు మీద, నెలాఖరుకు పెన్ను. మంచి ఉద్దేశమే. 1973లో మార్క్ లెపర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు శిశు పాఠశాల పిల్లల మీద చేసిన ప్రయోగం ఇక్కడ గుర్తుంచుకోవాలి. బొమ్మలు వేయడం ఇష్టపడే పిల్లల్లో కొందరికి, బొమ్మ వేస్తే సర్టిఫికెట్ ఇస్తామని ముందే చెప్పి ఇచ్చారు. తర్వాత స్వేచ్ఛగా వదిలేసినప్పుడు, బహుమతి మాటే లేని పిల్లలకంటే వీళ్లు బొమ్మల దగ్గరికి తక్కువగా వెళ్లారు. ఇష్టంగా చేసే పనికి కూలి కట్టామంటే ఇష్టం కాస్తా కూలి కోసం చేసే పని అయిపోతుంది. చిక్కుల బల్లకు నక్షత్రాలు వద్దు, మార్కులు అసలే వద్దు. దానికి బదులు ఒక మందపాటి నోటు పుస్తకం పెట్టండి. అందులో ప్రతి పిల్లా తేదీ వేసి, ఏం ప్రయత్నించింది, ఎక్కడ ఆగిపోయింది, ఏం అనుమానం వచ్చింది, మూడు నాలుగు వాక్యాల్లో రాయాలి. తర్వాత వచ్చినవాళ్లు అక్కడి నుంచి అందుకుంటారు. టీచరుకు కూడా సాయంత్రం ఆ ఒక్క పుస్తకం తిరగేస్తే బల్ల దగ్గర ఏం జరుగుతోందో మొత్తం తెలుస్తుంది.

ఆ పుస్తకంలో ఏం చూడాలి? జవాబులు మాత్రమే ఉంటే బల్ల సరిగ్గా నడవడం లేదు. "ఎందుకంటే", "అయితే", "ఒకవేళ" అన్న మాటలు కనపడటం మొదలైతే నడుస్తోంది. "మధ్యలో 9 వచ్చింది" అన్నది ఒక మెట్టు. "మధ్యలో అప్పు తప్పదు కాబట్టి 9 వచ్చింది" అన్నది పై మెట్టు. ఆ రెండింటి మధ్య దూరమే ఈ బల్ల వల్ల జరగాల్సిన చదువు.

ఒక్కరే కాక ఇద్దరు ఒకేసారి ముగిస్తే ఆడుకోవడానికి ఒక ఆట కూడా ఉంచవచ్చు. ఇరవై ఒక్క చింతగింజలు కుప్పగా పోసి, వంతులవారీగా ఒకటి గానీ రెండు గానీ మూడు గానీ తీయాలి. ఆఖరి గింజ తీసినవాళ్లు గెలిచినట్టు. మొదట్లో ఇష్టం వచ్చినట్టు తీస్తారు. కొన్నాళ్లకు ఒకరు, "నాలుగు మిగిలితే నువ్వు అయిపోయినట్టే" అని కనిపెడతారు. అవతలివాళ్లు ఒకటి తీస్తే మూడు, రెండు తీస్తే రెండు, మూడు తీస్తే ఒకటి మిగులుతాయి, ఏదైనా ఒకే చేతితో ఊడ్చేయవచ్చు. ఆ నాలుగు నుంచి వెనక్కి నడిస్తే ఎనిమిది, పన్నెండు, పదహారు, ఇరవై. కాబట్టి మొదట ఆడేవాళ్లు ఒక్క గింజ తీసి ఇరవై మిగల్చాలి. చివరి నుంచి వెనక్కి ఆలోచించడం దీంతో అలవాటవుతుంది. రహస్యం తెలిసిపోతే ఆట చచ్చిపోదు. ఆఖరి గింజ తీసినవాళ్లు ఓడినట్టు అని నియమం మార్చండి. ఇప్పుడు అవతలివాళ్లకు ఒకటి, అయిదు, తొమ్మిది, పదమూడు, పదిహేడు, ఇరవై ఒకటి మిగల్చాలి. కుప్పలో ఉన్నదే ఇరవై ఒకటి, అంటే మొదట ఆడేవాళ్లే ఇరుకున పడ్డట్టు. నిన్నటిదాకా ముందు నేనంటే నేనని పోట్లాడుకున్నవాళ్లు ఇవాళ "ముందు నువ్వు ఆడు" అంటారు. ఆ మాట వినపడితే లెక్క అందిందని గుర్తు.

బల్ల మీద ఒక సమయంలో ఒక లెక్క, ఒక ఆట. అంతకు మించితే పిల్లలు ఏదీ లోతుకు వెళ్లకుండా అన్నీ ముట్టుకుని వదిలేస్తారు. బల్ల టీచరు కంటికి కనపడే చోట ఉండాలి, ఇద్దరికి మించి కూర్చోకూడదు. ఒకే టీచరు రెండు మూడు తరగతులు చూసుకునే బడుల్లో ఇది మరీ అవసరం. ఒక తరగతికి పాఠం చెబుతుంటే రెండో తరగతిలో ముగించినవాళ్లకు వెళ్లడానికి ఒక చోటు ఉంటుంది.

దీని హద్దులు కూడా చెప్పాలి. ముందే ముగించడం, లోతుగా ఆలోచించడం రెండూ ఒకటి కావు. చేతివేగం ఉన్న పిల్లలు బల్ల దగ్గరికి రోజూ వెళతారు. నెమ్మదిగా రాస్తూ, రాస్తూ మధ్యలో కిటికీలోంచి చూస్తూ ఉండిపోయే పిల్ల ఎప్పటికీ వెళ్లదు. మధ్యలో తొమ్మిది ఎందుకు వస్తుందో ఆమెకే ముందు తట్టి ఉండేదేమో. అందుకని వారానికి ఒక పీరియడ్ బల్ల మీది లెక్కను తరగతి మొత్తానికి ఇవ్వాలి. అలా ఇచ్చినప్పుడు మీరు ఊహించని పేరు ఒకటైనా బయటికి వస్తుంది. ఇంకొక సంగతి, తరగతి కంటే ఏడాది ముందున్న పిల్లకు ఈ పది నిమిషాల బల్ల సరిపోదు. ఆమెకు పై తరగతి పుస్తకమే ఇవ్వాలి. బల్ల ఉంది కదా అని ఆ పని వాయిదా వేయడం ఆమెకు అన్యాయం.

ఒక లెక్క ఎన్నాళ్లు ఉంచాలి అని అడుగుతారు. క్యాలెండరు చూసి మార్చకండి, నోటు పుస్తకం చూసి మార్చండి. వారం రోజులు అందులో కొత్త చేతిరాత పడలేదంటే ఆ కార్డులు తీసి అట్టపెట్టెలో పెట్టేయండి. అప్పటికీ ఎవరైనా వదలకపోతే వాళ్లకు అయిదంకెల సంఖ్యలు ఇచ్చి చూడండి. అక్కడ ఆగే సంఖ్యంటూ లేదు, అన్నీ తిరుగుళ్లే. వాటిలో అతి చిన్న తిరుగుడులో రెండే సంఖ్యలుంటాయి. అవి 53955, 59994 అని కార్డు మీద మాత్రం రాయకండి.